గోరు దిగని టైరు ఎంతకాలం మన్నుతుంది?

హైదరాబాద్‌లో ఏ టైర్ల దుకాణం ముందు కాసేపు నిలబడినా ఈ బేరం వినిపిస్తుంది. "అన్నా, జల్ది అరగనిది ఇయ్యి" అంటాడు క్యాబ్ డ్రైవరు. దుకాణదారు లోపలి నుంచి ఒక టైరు దొర్లించుకొచ్చి, దాని మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కుతాడు. "హార్డ్ రబ్బర్ అన్నా. గోరు దిగుతుందేమో నువ్వే చూడు" అంటాడు. డ్రైవరు కూడా నొక్కి చూస్తాడు. గోరు దిగదు. బేరం కుదిరిపోతుంది.

ఈ గోరు పరీక్ష వెనక అందరికీ తెలిసిన ఒక లెక్క ఉంది: రబ్బరు గట్టిదైతే ఎక్కువ కాలం వస్తుంది, మెత్తదైతే రోడ్డును బాగా పట్టుకుంటుంది. లెక్క పూర్తిగా తప్పేమీ కాదు. కానీ సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ కదులుతూ పోయే క్యాబ్‌కు దాన్నే నమ్ముకుంటే రెండు వైపులా నష్టమే. గట్టి టైరు కొన్నా అనుకున్నన్ని కిలోమీటర్లు రాకపోవచ్చు. మొదటి వానకే బ్రేకు కింద బండి ముందుకు జారనూ వచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నల్లటి రబ్బరులో ఏమేం కలుస్తాయో చూడాలి.

గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది?

చెట్టు నుంచి కారిన రబ్బరు పాలతో నేరుగా టైరు చేస్తే ఎండకు జిగురుగా కరిగిపోతుంది, చలికి పెళుసుబారుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య గంధకం ముడులు వేస్తుంది. ముడులు ఎక్కువైతే రబ్బరు బిగుసుకుంటుంది, తక్కువైతే సాగుతుంది. గట్టిదనాన్ని మార్చే మొదటి మీట ఇదే.

రెండో మీట కార్బన్ బ్లాక్. టైరుకు నలుపు దాని వల్లే వస్తుంది. అది రంగు కోసం వేసింది కాదు. మసి లాంటి ఈ సన్నటి పొడి కలవకపోతే రబ్బరు నెలల్లోనే రాలిపోతుంది. పొడి పెరిగేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. మూడోది నూనె. అది కలిపితే మెత్తబడుతుంది. ఇక రబ్బరు కూడా ఒక రకం కాదు. కేరళ తోటల నుంచి వచ్చే సహజ రబ్బరు ఉంది, పట్టుకు పేరుపడ్డ స్టైరీన్ బ్యుటడీన్ ఉంది, అరుగుదలను బాగా తట్టుకునే పాలీబ్యుటడీన్ ఉంది. ఏది ఎంత పాళ్లలో కలపాలన్నది ఒక్కో కంపెనీ రహస్యం. ఆ మిశ్రమాన్నే కాంపౌండ్ అంటారు. రోడ్డును తాకే పైపొరకు, అంటే ట్రెడ్‌కు, ఒక కాంపౌండ్ వాడితే, పక్కన వంగుతూ ఉండే సైడ్‌వాల్‌కు మరొకటి వాడతారు.

గట్టిదనాన్ని కొలిచే సాధనం పేరు డ్యూరోమీటర్. గడియారం లాంటి ముఖం, కింద మొద్దు మొనతో చిన్న పిన్ను ఉంటుంది. రబ్బరు మీద ఆనించి నొక్కితే, పిన్ను ఎంత లోపలికి దిగిందన్న దాన్ని బట్టి 0 నుంచి 100 లోపు అంకె చూపిస్తుంది. ఈ కొలతకు షోర్ ఏ అని పేరు. మామూలు కారు టైరు ట్రెడ్ చాలావరకు 60 నుంచి 70 మధ్య ఉంటుంది. రేసు కార్ల టైర్లు అంతకంటే బాగా మెత్తగా ఉంటాయి. దుకాణదారు గోరు చేసేది కూడా ఇదే పని, కాకపోతే అంకె చెప్పలేదు. పైగా 62కూ 67కూ తేడాను ఏ గోరూ పట్టలేదు. ఎండలో పెట్టిన టైరు మెత్తగా, ఏసీ గదిలోది గట్టిగా తగులుతుంది.

సరే, డ్యూరోమీటరే తెచ్చి కొలిచాం అనుకుందాం. అప్పుడైనా పట్టు ఎంతో తెలుస్తుందా?

పట్టు రహస్యం: బంతి ఎంత ఎగిరింది?

కదిలే కారుకు రోడ్డుతో ఉన్న సంబంధమంతా ఒక్కో టైరు కింద అరచేయంత జాగాలోనే. ఆ జాగాలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలానికి క్షణకాలం అంటుకుని విడిపోతాయి. పొడి రోడ్డు మీద ఇది బాగా సాగుతుంది. నీళ్లో దుమ్మో మధ్యలోకి వస్తే బలహీనపడుతుంది. రెండోది, తారులో పైకి లేచిన కంకర మొనల చుట్టూ రబ్బరు దిగబడి, జారేటప్పుడు వాటి మీద నలిగి, తిరిగి లేస్తుంది. అలా నలిగేటప్పుడు కొంత శక్తి వేడిగా మారిపోతుంది. ఆ పోయిన శక్తే బండిని ఆపే బలం. తడి రోడ్డు మీద ఎక్కువగా ఆధారపడేది దీని మీదే.

రెండు రబ్బరు బంతులు తీసుకుని ఒకే ఎత్తు నుంచి వదిలితే ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. ఒకటి చేతికి అందేంత ఎగిరితే, రెండోది నేల మీద చతికిలపడుతుంది. నొక్కి చూస్తే రెండూ ఒకే మెత్తన కావచ్చు. కానీ ఎగరని బంతి తన మీద పడ్డ శక్తిని మింగేసింది, ఎగిరింది వెనక్కి ఇచ్చేసింది. బ్రేకు వేసినప్పుడు మనకు మింగే రబ్బరు కావాలి. మామూలుగా దొర్లుతున్నప్పుడు తిరిగి ఇచ్చే రబ్బరు కావాలి, లేకపోతే ఆ మింగుడంతా ఇంధనం ఖర్చు కింద తేలుతుంది.

ఒకే రబ్బరు రెండు గుణాలూ చూపగలదా? కొంతవరకు చూపగలదు. టైరు ఒక చుట్టు తిరిగినప్పుడు ట్రెడ్ ఒక్కసారి మెల్లగా నలుగుతుంది. కంకర మొనల మీద జారేటప్పుడు మాత్రం సెకనుకు వేల సార్లు నలుగుతుంది. నెమ్మదైన నలుగుడుకు ఒకలా, వేగమైన నలుగుడుకు మరోలా స్పందించే కాంపౌండ్ తయారుచేస్తే రెండు లాభాలూ దక్కుతాయి. ప్రయోగశాలలో దీన్ని ఉష్ణోగ్రత మార్చి అంచనా వేస్తారు: రబ్బరు 0 డిగ్రీల దగ్గర శక్తిని ఎంత మింగుతుందో చూస్తే తడి పట్టు తెలుస్తుంది, 60 డిగ్రీల దగ్గర ఎంత మింగుతుందో చూస్తే ఇంధనం ఎంత తాగుతుందో తెలుస్తుంది. 1990ల మొదట్లో మిషెలిన్ కార్బన్ బ్లాక్‌లో చాలా భాగం తీసేసి దాని బదులు సిలికా కలిపి ఈ రెండింటినీ ఒకే టైరులో సాధించింది. ఇప్పుడు మన మార్కెట్లో మైలేజీ పేరుతో అమ్మే చాలా టైర్లలో సిలికా ఉంటుంది.

ఇక్కడే గోరు పరీక్ష వీగిపోతుంది. 65 గట్టిదనం ఉన్న సిలికా టైరు, అదే 65 ఉన్న మామూలు కార్బన్ టైరు కంటే వానలో ముందే ఆగవచ్చు. మన్నిక సంగతీ అంతే. పాలీబ్యుటడీన్ పాలు ఎక్కువున్న కాంపౌండ్ పెద్దగా గట్టిపడకుండానే ఎక్కువ కాలం నిలుస్తుంది. గంధకం ముడులు అతిగా వేసి గట్టిపరిచిన రబ్బరేమో గతుకుల రోడ్డు మీద అంచులు పెచ్చులూడుతుంది. ఒకే కంపెనీ, ఒకే తరహా టైర్లలో మెత్తది, గట్టిది అని పోల్చుకుంటే పాత లెక్క నిలుస్తుంది. కంపెనీ మారితే గట్టిదనం అంకె ఒక్కటే ఏమీ చెప్పదు.

సిగ్నల్ దగ్గర అరిగేది ఎలా?

సమంగా, తిన్నగా దొర్లుతున్న టైరు చాలా కొద్దిగా అరుగుతుంది. అరుగుదలంతా జారుడులోనే ఉంది. చక్రం లాక్ అయి కీచుమంటూ జారడం గురించి కాదు చెప్పేది. మామూలుగా బ్రేకు వేసినా, యాక్సిలేటర్ తొక్కినా, స్టీరింగ్ తిప్పినా రోడ్డుకు ఆనిన ఆ అరచేతి జాగాలో వెనక అంచున ఉన్న రబ్బరు కంటికి కనపడనంతగా జారుతుంది. ఆ జారుడులోనే రేణువులు రాలుతాయి.

ఇందులో డ్రైవరు చేతిలో, కాదు, కాలిలో ఉన్న లెక్క ఒకటుంది. బ్రేకు బలం రెట్టింపైతే జారుడు కూడా రెట్టింపవుతుంది. రెట్టింపు బలంతో రెట్టింపు జారుడు అంటే, ప్రతి మీటరుకూ అరుగుదల నాలుగింతలు. గట్టిగా తొక్కితే బండి సగం దూరంలోనే ఆగుతుంది కాబట్టి మొత్తం మీద ఒక్కో ఆగుడుకు అరుగుదల రెండింతలుగా తేలుతుంది. 40 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా ఆగిన బండి, అదే వేగం నుంచి సిగ్నల్ గీత దగ్గర చటుక్కున ఆగిన బండి కంటే సగం రబ్బరే ఖర్చు పెడుతుంది. సిగ్నల్ పచ్చబడగానే ఎగిరి దూకడానికీ ఇదే సూత్రం. సిటీ క్యాబ్ రోజుకు వందలసార్లు ఆగి కదులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ విమానాశ్రయానికి తిరిగే బండికీ, అమీర్‌పేట, కోఠి మధ్య తిరిగే బండికీ ఒకే టైరు వేసినా కిలోమీటర్లు ఒకేలా రాకపోవడానికి కారణం ఇదే.

మన క్యాబ్‌లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగే బండ్లు. బండిని లాగేది, తిప్పేది ముందు టైర్లే. బ్రేకు వేస్తే బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ఆపే పనిలో కూడా దాదాపు మూడింట రెండు వంతులు వాటిదే. అందుకే ముందు రెండూ వెనకవాటికంటే చాలా ముందే గుండు అవుతాయి. హైదరాబాద్‌లో చాలా కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టడంతో మరో అరుగుదల తోడైంది. కుడివైపు బిగుతుగా తిరిగిన ప్రతిసారీ బండి బరువు ఎడమ వైపుకు ఒరిగి, ఎడమ ముందు టైరు బయటి అంచు రోడ్డుకు రాసుకుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి ఆగిన చోటే చక్రాలు మెలిపెట్టే అలవాటు ఉంటే ఆ అంచు ఇంకా త్వరగా పోతుంది.

వేడి సంగతీ ఉంది. మే నెల మధ్యాహ్నం తారు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన రబ్బరు మెత్తబడుతుంది, రేణువులు తేలిగ్గా తెగుతాయి. మరీ మెత్తటి కాంపౌండ్ మన వేసవిలో సిటీ క్యాబ్‌కు ఎందుకు దండగో దీన్ని బట్టి తెలుస్తుంది. మరి మరీ గట్టిది ఎందుకు వద్దు? దానికి లెక్క వేసి చూడాలి.

ఒక డిజైర్ లెక్క

165/80 R14 టైర్లున్న సీఎన్‌జీ డిజైర్‌ను తీసుకుందాం. నెలకు 4,500 కిలోమీటర్లు, అంతా సిటీలోనే తిరుగుతుంది. దుకాణంలో మూడు రకాలు చూపించారనుకుందాం. ధరలు, కిలోమీటర్లు పోలిక కోసం వేసుకున్నవి. మీ దుకాణం ధర, మీ బండి అనుభవం పెట్టి ఇదే లెక్క మీరూ వేసుకోవచ్చు.

గట్టి రకం ఒక్కోటి 4,600 రూపాయలు, సిటీలో 50,000 కిలోమీటర్లు. మధ్య రకం 4,800 రూపాయలు, 42,000 కిలోమీటర్లు. మెత్త రకం 4,600 రూపాయలు, 32,000 కిలోమీటర్లు. నాలుగు టైర్ల ధరను కిలోమీటర్లతో భాగిస్తే గట్టిదానికి కిలోమీటరుకు సుమారు 37 పైసలు, మధ్యదానికి 46 పైసలు, మెత్తదానికి 57 పైసలు పడుతుంది. నెలకు చూస్తే గట్టిది 1,650 రూపాయలు, మధ్యది 2,050, మెత్తది 2,600 దాకా. మెత్తదానికి నెలకు అదనంగా మరో అయిదారొందలు పెట్టడం డ్రైవరుకు భారమే. గట్టిదానికీ మధ్యదానికీ తేడా నెలకు 400. నెలకు 26 రోజులు బండి తీస్తే రోజుకు 15 రూపాయలు, అంటే ఒక చాయ్ ధరకు అటూ ఇటూ.

ఆ 15 రూపాయలకు ఏం వస్తుంది? వాన పడుతున్నప్పుడు 40 కిలోమీటర్ల వేగంలో ముందున్న ఆటో ఆగిందనుకోండి. తడి రోడ్డు మీద మంచి పట్టున్న టైరుకు ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, బ్రేకు పట్టిన దగ్గర్నుంచి బండి 9 మీటర్లలో ఆగుతుంది. పట్టు కొద్దిగా తగ్గి 0.6 అయితే పదిన్నర మీటర్లు పడుతుంది. తేడా మీటరున్నరే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పట్టు 0.5కు పడిపోతే అదే చోట వేగం 21 కిలోమీటర్లు. ముందు బంపరు, హెడ్‌లైటు, రేడియేటరు పోవడానికి ఆ వేగం చాలు. ఆ మరమ్మతుకయ్యే డబ్బు, బండి షెడ్డులో ఉన్న రోజుల్లో పోయిన కిరాయి కలిపితే, ఏడాది పొడవునా గట్టి టైరుతో మిగిల్చింది ఒక్క దెబ్బతో ఖాళీ అవుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ లెక్క రూపాయల్లో తేలదు.

ఏబీఎస్ ఉంది కదా అనే ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. చక్రం లాక్ కాకుండా, స్టీరింగ్ చేతిలో ఉండేలా అది చూస్తుంది. రబ్బరుకు లేని పట్టును మాత్రం తెచ్చిపెట్టలేదు.

ఇంకో ఖర్చు చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ బండి కిలో గ్యాస్‌కు 25 కిలోమీటర్లు ఇస్తుందని, కిలో 96 రూపాయలని అనుకుంటే నెలకు గ్యాస్ ఖర్చు 17,280 రూపాయలు. అంటే టైర్ల ఖర్చుకు ఎనిమిది తొమ్మిది రెట్లు. తేలిగ్గా దొర్లే సిలికా టైరు మైలేజీని 2 శాతం పెంచినా నెలకు సుమారు 340 రూపాయలు మిగులుతాయి. గట్టిదానికీ మధ్యదానికీ ఉన్న 400 తేడా దాదాపు అక్కడే తీరిపోతుంది. ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఇంధనం ఎక్కువగా బ్రేకులకూ, ఆగిన ఇంజనుకూ పోతుంది కాబట్టి ఇంతకంటే పెద్ద లాభం ఆశించకూడదు. 2 శాతం కూడా రాకపోవచ్చు. అయినా టైరును దాని మన్నికతో మాత్రమే తూచడం సరికాదని ఈ లెక్క చెబుతుంది.

మొత్తం మీద ఈ బండికి మధ్య రకమే సరిపోతుంది: తడి పట్టు బాగుండి, తేలిగ్గా దొర్లే సిలికా కాంపౌండ్‌తో, మన్నిక ఒక మోస్తరుగా ఉన్నది. రాత్రిపూట ఖాళీ రోడ్ల మీద, ఎక్కువగా విమానాశ్రయానికే తిరిగే బండికైతే ఒక మెట్టు గట్టిది తీసుకోవచ్చు. అక్కడ బ్రేకు పని తక్కువ, కిలోమీటర్లు ఎక్కువ. కాకపోతే వేగం ఎక్కువ కాబట్టి తడి పట్టు విషయంలో రాజీ అక్కడా వద్దు.

టైరు మీద ఏం చదవాలి?

రకాన్ని గోరుతో కాకుండా కంటితో పోల్చుకోవడానికి సైడ్‌వాల్ మీద కొంత సమాచారం ఉంటుంది. సైజు తర్వాత 85T లాంటి గుర్తు కనిపిస్తుంది. 85 అంటే ఆ టైరు 515 కిలోల వరకు మోయగలదని, T అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని అర్థం. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు, దాని పైన ప్రయాణికుల సామాను మోసే క్యాబ్‌కు ఈ బరువు అంకె కంపెనీ ఇచ్చిన దానికంటే తగ్గకూడదు.

కొన్ని టైర్ల మీద TREADWEAR 320, TREADWEAR 400 లాంటి అంకె ఉంటుంది. ఇది అమెరికా పద్ధతి. టెక్సస్ రాష్ట్రంలో శాన్ ఏంజెలో దగ్గర సుమారు 640 కిలోమీటర్ల చుట్టు మీద కార్లను వరుసగా నడిపి, మొత్తం 11,500 కిలోమీటర్ల దాకా తిప్పి, ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల చూస్తారు. ప్రామాణిక టైరుకు 100 అయితే, దానికి నాలుగు రెట్లు నిలిచేదానికి 400. ఇది కిలోమీటర్ల హామీ కాదు. పరీక్ష ఫలితం నుంచి అంకె నిర్ణయించుకునేది కంపెనీయే కాబట్టి ఒక కంపెనీ 400ను ఇంకో కంపెనీ 360తో పోల్చడం కష్టం. ఒకే కంపెనీ టైర్లలో ఏది ఎక్కువ నిలుస్తుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. దాని పక్కనే TRACTION అని AA, A, B, C అక్షరాలుంటాయి. అది తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు. మన డిజైర్‌కు ట్రెడ్‌వేర్ అంకె ఎంత పెద్దదైనా ట్రాక్షన్ A కంటే తక్కువ ఉన్నది వద్దు.

ఆ అంకెలు లేని టైర్లు కూడా మన దగ్గర చాలా ఉంటాయి. వాటికీ కనీస హద్దు ఒకటుంది. టైర్ల దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం మీద ఏఐఎస్-142 ప్రమాణాన్ని కేంద్ర రవాణా శాఖ 2022లో నోటిఫై చేసింది. మరీ నాసిరకాన్ని అది ఆపుతుంది, కానీ పాసైన వాటిలో ఏది మేలో చెప్పదు. దానికి అదే బండి, అదే దారిలో నడిపే తోటి డ్రైవర్లను అడగడమే మార్గం. "ఎన్ని కిలోమీటర్లు వచ్చింది?" అన్న ప్రశ్నతో పాటు "వానలో ఎలా ఆగుతుంది?" అని కూడా అడగాలి.

లోతున్నా పట్టు లేని టైరు

సిటీ క్యాబ్ టైరు ఏడాది లోపే అరిగిపోతుంది కాబట్టి దానికి ముసలితనం రాదు. ముసలితనం కొనుక్కునే టైరుతో వస్తుంది, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో. రబ్బరు వాడకపోయినా గాలిలోని ఆక్సిజన్ దాన్ని తింటూనే ఉంటుంది. లోపలి నూనె మెల్లగా బయటికి పోతుంది, గొలుసుల మధ్య ముడులు పెరుగుతాయి. ఎండ వేడి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. కొత్తప్పుడు 65 ఉన్న గట్టిదనం కొన్నేళ్లకు 75 దాటవచ్చు. గాడుల లోతు 6 మిల్లీమీటర్లు కనిపిస్తుంది, గోరు అసలే దిగదు, ధర సగం. అరగనిది కావాలనుకునే డ్రైవరుకు అంతకంటే ఏం కావాలనిపిస్తుంది. కానీ కంకర మొనల చుట్టూ దిగబడాల్సిన రబ్బరు వాటి మీద తేలిపోతుంది. వానాకాలంలో దాని సంగతి తెలుస్తుంది.

పట్టుకోవడం కష్టం కాదు. సైడ్‌వాల్ మీద DOT గుర్తు తర్వాత చివరి నాలుగు అంకెలు తయారీ వారం, ఏడాది. 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త టైరైనా రెండేళ్లు దాటి షాపులో ఉంటే వేరేది అడగాలి. గాడుల అడుగున, సైడ్‌వాల్ మీద సన్నటి వెంట్రుక పగుళ్లు ఉన్నాయేమో వేలితో వంచి చూడాలి. అరిగిన టైరులో కత్తితో గాడులు లోతుగా తవ్వి అమ్మేవాళ్లూ ఉన్నారు. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మలు, అంటే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లను చూపే గుర్తులు, పాక్షికంగా కోసేసినట్టున్నా, అసలే లేకున్నా అది తవ్విన టైరు. లోపలి తీగల మీద మిగిలిన రబ్బరు కాగితమంత పల్చగా ఉంటుంది. దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకూడదు.

కొన్న తర్వాత

కాంపౌండ్ ఇచ్చే తేడా కొనేరోజే తేలిపోతుంది. మిగతాది గాలిలో, లెక్కలో ఉంది. గాలి తక్కువైతే ట్రెడ్ నడుము లోపలికి వంగి రెండు అంచులు మాత్రమే భారం మోస్తాయి. టైరు వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. మంచి కాంపౌండ్‌కు పెట్టిన డబ్బు అక్కడే పోతుంది. ఎంత గాలి పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. నిండు బరువుకు వెనక టైర్ల అంకె వేరుగా ఇస్తే, సిలిండరు మోసే బండి ఆ అంకెనే పాటించాలి. పొద్దున బండి తీసేముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. పది కిలోమీటర్లు నడిపాక కొలిస్తే వేడికి పెరిగిన అంకె కనిపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మరుసటి పొద్దున్నకు తక్కువైపోతుంది.

అరుగుదల ఎక్కడుందో చూస్తే కారణం దొరుకుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడుము అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకవైపు రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే గరగరమని తగిలితే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయని అర్థం. ఈ తప్పులతో వారాల్లో పోయే రబ్బరును ఎంత గట్టి కాంపౌండూ కాపాడలేదు.

చివరగా, దుకాణం మాట మీద ఆధారపడకుండా చేసే ఒక కొలత. లోతు కొలిచే చిన్న గేజీ పెద్ద ఖరీదేమీ కాదు. టైరు వేసిన రోజు ఓడోమీటర్ అంకె, గాడి లోతు రాసి పెట్టుకోండి. మన డిజైర్ ముందు టైరు కొత్తప్పుడు 8 మిల్లీమీటర్లు ఉండి, 12,000 కిలోమీటర్ల తర్వాత 5.6కు వచ్చిందనుకుందాం. 2.4 మిల్లీమీటర్లు పోయాయి, అంటే వెయ్యి కిలోమీటర్లకు 0.2. చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా, గాడి 3 మిల్లీమీటర్లకు తగ్గాక నీళ్లను పక్కకు నెట్టే శక్తి బాగా పడిపోతుంది కాబట్టి సిటీ వానల్లో 2.5 దగ్గర ఆపేయడం మేలు. మిగిలిన 3.1ను 0.2తో భాగిస్తే ఇంకా 15,500 కిలోమీటర్లు. మొత్తం 27,500. వెనక టైర్లు అదే కాలంలో 1.2 మిల్లీమీటర్లే పోతే, ముందువాటిని తిన్నగా వెనక్కి, వెనకవాటిని అడ్డంగా మార్చి ముందుకు వేయాలి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ఇలా చేస్తే నాలుగూ దాదాపు ఒకేసారి అయిపోతాయి. అప్పుడు సెట్ మొత్తం మీద సగటు వెయ్యికి 0.15 మిల్లీమీటర్లు. 8 నుంచి 2.5 దాకా వాడితే 36,000 కిలోమీటర్లకు పైనే.

తర్వాత టైరు కొనేటప్పుడు మీ దగ్గర 0.15 అన్న ఒక సొంత అంకె ఉంటుంది. వేరే రకం వేసి, అదే దారిలో, అదే కాలితో నడిపి చూస్తే అది 0.13కు దిగిందో 0.18కి ఎక్కిందో 5,000 కిలోమీటర్లకే ఒక అంచనాకు రావచ్చు. కొత్త ట్రెడ్ మొదట్లో కాస్త త్వరగా అరుగుతుంది కాబట్టి ఆ అంచనా అసలుకంటే కొంచెం తక్కువ కిలోమీటర్లే చూపిస్తుంది. తప్పితే లాభం వైపే తప్పుతుంది. మీ దారికి, మీ కాలికి, మీ గిరాకీకి ఏ కాంపౌండ్ సరిపోతుందో కంపెనీ పుస్తకంలో ఉండదు. గ్లవ్‌బాక్స్‌లో ఉండే ఆ చిన్న పుస్తకంలో ఉంటుంది.